బాణాలు లేని బొమ్మలు

"పాఠం బొమ్మలు గీసి, ఒక్కో బొమ్మకు ఒక్క ముక్క రాసియ్యుండ్రి మేడం, గంట పాఠం ఎవరు చదువుతరు?" అన్నాడు నా విద్యార్థి జగదీశ్వర్. నారాయణగూడ కాలేజీలో సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్ చెప్తాను. ఒప్పుకోవడం నా తప్పే.

పాఠాన్ని నాలుగు బొమ్మలు చేశాను. ఒక్కోదాంట్లో సాఫ్ట్‌వేర్‌లోని ఒక్కో పొర చేరుతుంది: తెర, నియమాలు, డేటా తెచ్చే కోడ్, డేటాబేస్. ఏ పొరైనా సరిగ్గా తన కిందున్న పొరనే డేటా అడగాలని, దాన్ని దాటి పోకూడదని సన్నటి బాణాలు గీశాను. పాఠమంతా ఆ బాణాల్లోనే ఉంది. బొమ్మ కింద మాత్రం "తెర: వాడేవాళ్లకు కనిపించేది" లాంటి ఒక్క వాక్యం, పెద్ద అక్షరాల్లో.

సోమవారం క్లాసులో అడిగాను: "తెర నేరుగా డేటాబేస్‌ను అడగొచ్చా?"

అరవై మందీ నాలుగు వాక్యాలు అప్పజెప్పారు.

"బాణాలు చూడలేదా?"

జగదీశ్వర్ తన కాగితం చూపించాడు. నా బొమ్మలకు క్లాసంతా చిక్కడపల్లిలో తీయించుకున్న మైక్రో జిరాక్స్. ఒక్కో బొమ్మ అగ్గిపెట్టెంత. అక్షరాలున్నాయి, బాణాల జాడే లేదు.

"బాణాలు రాలే మేడం. మాటలైతే మంచిగ వచ్చినయి."

కోపంగా బోర్డు మీద మూరెడు బాణం గీశాను. క్లాసంతా పెన్నులు పట్టుకుని ఎదురుచూసింది.

"దాని కింద కూడ ఒక్క ముక్క రాయుండ్రి మేడం," అన్నాడు జగదీశ్వర్.