సరోజన తిరగరాసిన బయోడేటా

ఇరవై ఏడు దరఖాస్తులు పంపితే సరోజనకు ఒక్క జవాబూ రాలేదు. పోస్ట్‌మన్ కొత్తవాడ సందులోకి మలుపు తిరుగుతుంటే మొదట్లో గుమ్మంలోకి వచ్చి నిలబడేది. ఇప్పుడు లోపలే ఉండిపోతోంది.

అది 1986 జనవరి. ఆమెకు ముప్పై తొమ్మిదేళ్లు. కొత్తవాడలో జంపఖానాలు నేసే ఒక సహకార సంఘంలో పదహారేళ్లుగా లెక్కలు చూస్తోంది. మార్చి ఆఖరుకు ఆ సంఘాన్ని మూసేస్తున్నారు. భర్త బుచ్చిరాములు మగ్గం కూడా ఆ సంఘం నూలు మీదే ఆడుతోంది. ఇంట్లో ఇద్దరి పనీ ఒకేసారి పోతుందన్నమాట.

శనివారం ఒంటిపూట సెలవు. ఇరవై ఎనిమిదో దరఖాస్తు టైపు చేయించుకుందామని హనుమకొండలో అరుణ నడిపే టైపు ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్లింది. అరుణ ఆమె చిన్ననాటి స్నేహితురాలి చెల్లెలు. సరోజన రాసుకొచ్చిన కాగితం చదివి పక్కన పెట్టేసింది.

"ఏందక్కా ఇది? నాయిన పేరు, పుట్టిన తేదీ, కులం, ఎత్తు... పెండ్లి సంబంధానికి పంపుతానవా? పనేమో ఆఖర్ల ఒక్క ముక్క. 'క్లర్కు, పదహారేండ్లు'. గంతేనా?"

"సంఘం రికార్డుల నా పేరు ముంగట క్లర్కనే ఉంది. ఏం రాయాలె మరి?"

"నువ్వు పొద్దంత ఏం జేస్తవో అది రాయి."

సరోజన చెప్పడం మొదలుపెట్టింది. రోజువారీ చిట్టా నుంచి బ్యాలెన్స్ షీటు దాకా తనే కడుతుంది. తొమ్మిదేళ్లుగా అంతే. రెండు వందల పన్నెండు మంది నేతగాళ్ల ఖాతాలు, మూడు అమ్మకపు డిపోల సరుకు లెక్క, ప్రతి నెలా బ్యాంకు పాస్‌బుక్కుతో సరిచూపు, అమ్మకం పన్ను రిటర్నులు. ఆడిట్ వాళ్లు పట్టుకున్న తప్పు ఒక్కటీ లేదు. ఇంత పని చేశానని ఎవరికీ ఎప్పుడూ చెప్పలేదు.

ఆదివారం అరుణ ఆమె కోసం ఇన్‌స్టిట్యూట్ తలుపు తెరిచింది. హైదరాబాదులోని ఒక ఉద్యోగ నియామకాల ఏజెన్సీ ఇచ్చిన ప్రకటన ముందు పెట్టుకున్నారు. ఒక బట్టల మిల్లుకు అకౌంటెంట్ కావాలి. మిల్లు అడిగిన పనుల్లో తను చేసినవి ఏవో చూసి సరోజన వాటినే మొదట పెట్టింది. ఈ తొమ్మిదేళ్ల పని పైన, అంతకు ముందరిది కింద. కులం, ఎత్తు తీసేసింది. 'కష్టపడి పనిచేస్తాను' అన్న వాక్యం కొట్టేసి, ఆ చోట అంకెలు రాసింది.

"అకౌంటెంట్ అని టైపు కొట్టాల్నా అక్కా?" అని అరుణ అడిగింది.

సరోజన చాలాసేపు ఆలోచించింది. "వద్దు. హోదా క్లర్కు, చేసే పని అకౌంట్సుది అని రెండూ కొట్టు. అబద్ధం ఎందుకు?"

రెండు పేజీలది ఒక్క పేజీ అయింది. నాలుగుసార్లు మళ్లీ టైపు చేశారు. కార్బన్ ప్రతి ఇంట్లో ఉంచుకుని, అసలుది సోమవారం పొద్దున్నే పోస్టు చేసింది.

పదకొండో రోజున జవాబు వచ్చింది. బుచ్చిరాములు మగ్గం ఆపి లేచాడు. కవరు అతనే చింపాడు. ఉత్తరం ఇంగ్లీషులో ఉంటే సరోజన చదివి చెప్పింది. మీ అనుభవం మిల్లుకు సరిపోతుంది, ఇంటర్వ్యూకు పేరు పంపాలంటే బ్యాలెన్స్ షీటు దాకా తుది లెక్కలు మీరే కట్టినట్టు సంఘం నుంచి సర్వీసు సర్టిఫికెట్ కావాలి, పది రోజుల్లో పంపండి అని.

ఆ పూట సరోజన కడుపునిండా అన్నం తిన్నది. చాలా రోజులకు.

మర్నాడు సంఘం కార్యదర్శి వెంకటరాజం ముందు నిలబడింది. ఆయన ఉత్తరం రెండుసార్లు చదివాడు.

"నువ్వు క్లర్కువు సరోజనమ్మా. నేనెట్ల వేరే రాస్త?"

"బ్యాలెన్స్ షీట్లు కట్టింది ఎవలు సారూ?"

"నువ్వే. కాదంటానా? గని వాటి మీద సంతకం నాది. నువ్వు కట్టినవని నేనే రాసిస్తే, మూసేటప్పుడు వచ్చే ఆఫీసర్లు నన్నడుగరా, ఇన్నేండ్లు నువ్వేం జేసినవని?" ఆయన ఆమె కళ్లలోకి చూడలేదు. "నాకూ పింఛన్ ఉన్నది. జర అర్థం జేసుకో."

ఇచ్చిన కాగితంలో 'క్లర్కుగా పనిచేసినది, నడవడి మంచిది' అని ఉంది. ఆమె దాన్నే పంపింది. కార్యదర్శి అంతకన్నా ఎక్కువ రాయలేనన్నారనీ, ఇంటర్వ్యూలో ఏ ఖాతా ముందు పెట్టినా అక్కడే కట్టి చూపిస్తాననీ తన చేత్తో ఒక ఉత్తరం రాసి జత చేసింది.

ఫిబ్రవరి ఆఖర్లో మూడు వరుసల జవాబు వచ్చింది.

"ఏమన్నరు?" అని బుచ్చిరాములు అడిగాడు.

"సర్టిఫికెట్ సరిపోలేదట. నా కాగితం ఫైల్ల పెట్టుకున్నరట. ఏమన్న ఉంటె రాస్తరట."

"అంటె?"

"అంటె లేదని."

అతను మగ్గం గుంతలోకి దిగాడు. నెల తిరిగితే ఆ చప్పుడు కూడా ఉండదు. సరోజన గోడకు చేరగిలబడి, చీకటి పడేదాకా దీపం వెలిగించకుండా కూర్చుంది.