బాగుపడని ఏసీ, బాగైపోయిన కంప్లైంటు

ఏసీ చచ్చి నెల దాటింది గానీ, దాని మరమ్మతుల కాంట్రాక్టు మాత్రం గుండ్రాయిలా ఉంది. రేపు పొద్దున అది దానంతటదే మరో ఏడాదికి కొత్తదవుతుందనీ, డబ్బు ఖాతాలోంచి తామే తీసుకుంటామనీ కంపెనీవాళ్లు ఫోనుకి మెసేజి పంపారు. మందుల షాపు కౌంటర్లో దగ్గుమందు సీసా చుడుతున్న కోడలు అది రెండుసార్లు చదివి, సీసా పక్కన పెట్టేసింది.

రేపే ఆమె జీతం పడేది. జీతం పడటం, కోత పడటం ఒకే ఖాతాలో, ఒకే పొద్దున. కోత పడితే మిగిలేది బియ్యానికే చాలదు. ఆ జీతంతోనే కదా వీధి చివరి మెకానిక్ ఏదో పాత ఏసీలోంచి గాలిని చల్లబరిచే కాయిలు తెచ్చి బిగిస్తానన్నది! మొగుడు రేవులో క్రేను మీద ఉన్నాడు. అతని సంపాదన అంతా అత్తగారి తుంటి ఆపరేషన్ అప్పుకే సరి. ఇంట్లో ఆ అత్తగారు మంచాన పడి ఉంది. వీపు కింద పుండు లేచింది. కట్టు కట్టే నర్సు నిన్ననే చెప్పి వెళ్లింది, "ఈ చెమటకి పుండు ఆరదమ్మా. గది చల్లబడకపోతే మళ్లీ ఆసుపత్రే" అని.

బ్యాంకుకి పరుగెత్తింది. "కోత ఆపాలంటే రెండు పనిదినాల ముందు చెప్పాలమ్మా. రేపటి జాబితా ఇప్పటికే వెళ్లిపోయింది. కంపెనీవాళ్లే ఆపాలి" అన్నాడు గాజు వెనక ఆయన. కంపెనీకి ఫోన్ చేసింది. పాట విని, పాట విని, చెవి ఎర్రబడ్డాక ఒక అమ్మాయి పలికింది.

"రద్దు చెయ్యడానికి అవ్వదు మేడమ్. మీ పేరు మీద ఒక కంప్లైంటు తెరిచి ఉంది. అది మూస్తేనే మీ ఫోన్లో, మా యాప్‌లో రద్దు మీట కనిపిస్తుంది."

"అది మీరు బాగు చెయ్యకే కదమ్మా తెరిచి ఉంది!"

"అవును మేడమ్. కాయిలు స్టాకు లేదు."

"అయితే?"

"కాయిలు వచ్చేదాకా కంప్లైంటు మూయలేం మేడమ్. కంప్లైంటు మూయందే కాంట్రాక్టు రద్దు చేయలేం."

ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటే ఇదేనని కోడలికి ఆ క్షణాన బాగా బోధపడింది. షాపులో సెలవు అడిగి, ఓనరు గొణిగిన గొణుగుడంతా మింగి, కంపెనీ మెకానిక్‌ని బతిమాలి ఇంటికి రప్పించింది.

వాడు గది గుమ్మంలో నిలబడి చెమట తుడుచుకున్నాడు. "అక్కా, ఒక్కటే దారి. నేను పని అయిపోయిందని కొడతాను. మీకు ఓ నంబరు వస్తుంది. అది చెప్తే కంప్లైంటు మూసుకుపోతుంది. కానీ ఏసీ బాగైందని మీరు ఒప్పుకున్నట్టే లెక్క. ఆ కాయిలు కంపెనీ మీకు బాకీ అని రేపు ఎవర్నీ అడగలేరు."

"బాగు చెయ్యనిదాన్ని బాగు చేశారని చెప్పమంటావా?"

"నేను చెప్పమనట్లేదక్కా. దారి చెప్పా."

మంచం మీంచి అత్తగారు అందుకుంది. "ఏరా అబ్బాయ్, ఏసీ బాగు చెయ్యడానికి వచ్చావా, చూడటానికి వచ్చావా? చూడటానికైతే వీడి దగ్గర టిక్కెట్టు డబ్బులు వసూలు చెయ్యవే అమ్మాయ్!"

మెకానిక్ నవ్వాడు గానీ కళ్లెత్తలేదు. కోడలు ఏసీ వంక చూసింది. ఏడాదికి సరిపడా డబ్బు కట్టించుకుని, గోడకి వేలాడుతూ, ఒక్క ఊపిరైనా వదలని తెల్లటి పెట్టె. నోట్లో వేపాకు నమిలినట్టయింది. నంబరు చదివి చెప్పేసింది. వాడు వెళ్లిపోయాడు, మెట్ల దగ్గర ఆగి, "రద్దు పెట్టాక కంపెనీ నుంచి ఫోన్ వస్తదక్కా. ఎత్తకపోతే ఆ రద్దు చెల్లదంటారు" అని చెప్పి మరీ.

రద్దు మీట నిజంగానే కనిపించింది. నొక్కింది. కాసేపటికి ధ్రువీకరణ ఫోను వస్తుందని మెసేజి వచ్చింది. ఫోను చేతిలోనే పట్టుకుని కూచుంది. ఆ ఫోను రాదు. పోనీ ఈలోగా కట్టు మారుద్దామని అత్తగారిని పక్కకి ఒత్తిగిల్లించింది. ఒక చేత్తో భుజం, ఇంకో చేత్తో నడుము. సరిగ్గా అప్పుడు మోగింది. ఇక్కట్లకి కూడా కళ్లుంటాయేమో, సమయం చూసే వస్తాయి.

వదిలితే ముసలావిడ పుండు మీదకి దొర్లుతుంది. వదలకపోతే ఫోను ఆగిపోతుంది.

"వదిలెయ్యవే పిచ్చిదానా! చస్తానా ఏంటి?"

"మీరు కదలకండత్తయ్యా!" కోడలు మంచం మీదకి వంగి, గడ్డంతో ఫోను నొక్కి, ఇంకోసారి నొక్కి గొంతు బయటికి వినపడేలా చేసింది.

అవతల కుర్రగొంతు తేనె పూసుకుని ఉంది. "మేడమ్, మీ ఏసీ ఈరోజే చక్కగా బాగైందని ఇక్కడ ఉంది. మరి రద్దు ఎందుకు? మీకోసం రెండు నెలలు ఉచితం ఇస్తున్నాం."

"వద్దు బాబూ. రద్దు చెయ్యి."

"మూడు నెలలు ఇస్తాం మేడమ్."

"వద్దన్నానా!"

"కారణం రాయాలి మేడమ్. సర్వీసు నచ్చలేదా? నచ్చిందని ఇప్పుడే ఒప్పుకున్నారు కదా. ఇల్లు మారుతున్నారా? ఏసీ అమ్మేశారా?"

గోడకి కనపడుతున్న ఏసీని ఎలా అమ్మేశానని చెప్పడం? రేపు ఎవరైనా చూడటానికొస్తే? చేతుల పట్టు జారుతోంది, కళ్లలోకి చెమటో నీళ్లో దిగుతున్నాయి. "కారణం... కారణం ఏంటంటే..."

"కారణం లేకపోతే రిక్వెస్టు మూసేస్తాను మేడమ్."

"చచ్చింది బాబూ!" అంది అత్తగారు గోడవైపు తిరిగే.

అవతల గొంతు ఆగింది. "ఎవరు... మేడమ్?"

"ఆ ఏసీ కింద పడుకునే ముసల్ది. మా అత్తగారు. చల్లగాలి లేక ఉడికి ఉడికి పోయింది. ఇంక ఏసీ ఎవరికి? దెయ్యాలకి వేస్తామా?"

"అత్తయ్యా!" కోడలి గొంతులోంచి వచ్చింది మాట కాదు, ఏడుపు. ముసలావిడ మోచేత్తో ఆమెని పొడిచింది, ఏడవ్వే, ఇంకా గట్టిగా ఏడువు అన్నట్టు. ఏడవమని చెప్పాల్సిన పని లేదు. నెల రోజులుగా మింగినదంతా ఒక్కసారే పొంగింది.

కుర్రాడి తేనె ఎండిపోయింది. "క్షమించండమ్మా. నాకు తెలీదు. వాడేవారు మరణించారు అని రాస్తున్నాను. దీనికి ఆఫర్లేమీ లేవు. రద్దు చేశాను. రేపటి కోత ఆపమని బ్యాంకుకి ఇప్పుడే పంపిస్తున్నాను." నెమ్మదిగా, "మా అమ్మమ్మా ఇలాగే..." అని, మిగతాది చెప్పకుండానే పెట్టేశాడు.

గదిలో ఇద్దరే మిగిలారు. కోడలు కట్టు మార్చింది. చేతులు పని చేస్తున్నాయి గానీ మనసు ఆగిపోయింది.

"అంత మాట ఎందుకన్నారత్తయ్యా."

"నువ్వు ఏసీ బాగైందని అబద్ధం చెప్పావు కదా. నీకంటే నేను చిన్న అబద్ధం చెప్పా. నాదైతే కొన్నాళ్లకి నిజమయ్యేదే."

"చాలు, ఊరుకోండి!"

"ఊరుకుంటే ఆ కుర్రాడు ఊరుకునేలా లేడుగా."

పొద్దున కోడలు ఫోను దిండు పక్కన పెట్టుకుని కూచుంది. జీతం పడ్డ మెసేజి వచ్చింది. తరవాత వచ్చేది కోత మెసేజేమోనని ఫోను మీంచి చూపు తిప్పలేదు. టీ పొంగి స్టవ్ ఆరిపోయేదాకా చూసింది. వచ్చింది. కంపెనీదే. కాంట్రాక్టు ముగిసింది, మీ కుటుంబానికి మా ప్రగాఢ సానుభూతి అని. కోత లేదు.

"ఏం రాశారే?"

కోడలు చదివి వినిపించింది. ముసలావిడ పైకప్పు వంక చూస్తూ విన్నది.

"సానుభూతి బాగానే చెప్పారు. ఇంక ఆ వీధి చివరివాడికి ఫోను చెయ్యి. చచ్చినదాన్నైనా సరే, ఈ ఉక్కలో పడుకోలేను."

కోడలు నవ్వలేకపోయింది. నంబరు నొక్కింది. "బాబాయ్, డబ్బు పడింది. కాయిలు పట్టుకుని రండి. త్వరగా రండి" అంది. ఆ తరవాత లేచి, ఎండ పడకుండా కిటికీ తెర పూర్తిగా లాగి, తడిగుడ్డ పిండి, అత్తగారి మెడ కింద పెట్టి, విసనకర్ర అందుకుంది.