మెరుపు ఎవరిది?

ఆ స్టూడియో అక్కాచెల్లెళ్లిద్దరిదీ. ఫొటోలు అక్క తీసేది, చెల్లెలు ఆల్బమ్‌లు కుట్టేది. పెళ్లయ్యాక చెల్లెలి మొగుడు కూడా వచ్చి చేరాడు. మరిది మాటకారి, గిరాకీ పెంచాడు. అక్క సంతోషించింది.

నది వంతెన మీద మెరుపును పట్టాలని ఆమెకు ఏళ్ల నాటి కోరిక. ఒక సాయంత్రం చీకటి పడుతూనే ఉరుములు మొదలయ్యాయి. వానలో బయట నిలబడటం ప్రాణాంతకమని మేడగది లోపలే, వంతెన కనిపించే కిటికీకి ఎదురుగా ట్రైపాడ్ వేసింది. గాలికి కదలకుండా దానికి బరువు సంచి తగిలించింది. దూరపు దీపం మీద ఫోకస్ కుదిర్చి మాన్యువల్‌లో పెట్టింది. లెన్సులో కుదుపు తగ్గించే స్విచ్ ఆపేసింది. ఐఎస్ఓ వంద, అపర్చర్ ఎనిమిది, మోడ్ బల్బ్. కెమెరాను ముట్టుకోకుండా తీగ రిమోట్‌తో నొక్కాలి. చెల్లెలూ మరిదీ పక్కనే కూర్చుని చూస్తున్నారు.

అంతలో కింద ఎవరో అర్జెంటుగా పాస్‌పోర్టు ఫొటో అడిగారు. అక్క రిమోట్ మరిది చేతికిచ్చింది. నొక్కి పట్టుకుంటే షట్టర్ తెరిచే ఉంటుందని, మెరుపు పడగానే వదిలెయ్యమని, ఇరవై లెక్కపెట్టినా పడకపోతే వదిలి మళ్లీ నొక్కమని, లేకపోతే వంతెన దీపాలు తెల్లగా మాడిపోతాయని చెప్పి దిగింది.

ఆమె పైకొచ్చేసరికే మెరుపు పడింది, ఫొటోలో చిక్కింది. కొమ్మలు కొమ్మలుగా, వంతెన నిండా. ముగ్గురూ కెమెరా తెర మీద దాన్ని కళ్లార్పకుండా చూశారు.

నెల తిరక్కుండా ఆ ఫొటోకు పోటీలో మొదటి బహుమతి వచ్చింది. కింద మరిది పేరుంది.

అడిగితే అతను నవ్వాడు. "నొక్కింది నేనే కదా వదినా."

అతని మాట ఆమెను అంతగా కుదపలేదు. చెల్లెలి వైపు చూసింది. చెల్లెలు ఆల్బమ్ అట్టకు జిగురు రాస్తూ తలెత్తలేదు.

"నువ్వు అక్కడ లేవు కదక్కా," అంది.

పోటీకి ఫొటో పంపింది చెల్లెలేనని తర్వాత తెలిసింది. చిన్నప్పుడు తను వేలు పట్టించి నడిపించిన చెయ్యి అది.

బహుమతి చూసి కొత్త వంతెన ప్రారంభానికి బాణాసంచా ఫొటోలు తియ్యమని మరిదిని పిలిచారు. చెల్లెలు అక్క దగ్గరకొచ్చి, పేరు ఆయనదే ఉంటుంది, కెమెరా మాత్రం నువ్వు సర్దిపెట్టు అని మెల్లగా అడిగింది. ఎంత మామూలుగా అడిగిందో చూసి, అక్క కాదన్నట్టు తల అడ్డంగా ఊపింది.

ప్రారంభం రోజు మరిది, మెరుపుకు ఎదురుచూసినట్టే రిమోట్ నొక్కి పట్టుకుని కూర్చున్నాడు. ఒక్కో తారాజువ్వకు వదలకపోవడంతో అన్నీ ఒకదానిమీద ఒకటి పడి ఫొటోల్లో తెల్లటి ముద్దలు మిగిలాయి. నువ్వు సర్దిపెట్టకే మా పరువు పోయిందని అక్కతో అంది చెల్లెలు.

అక్క తన కెమెరా, ట్రైపాడ్ తీసుకుని వేరే వీధిలో చిన్న గది చూసుకుంది. ఇప్పుడూ మబ్బు పడితే మెరుపు కోసం అన్నీ సర్దుతుంది. మధ్యలో గిరాకీ వస్తే రిమోట్ జేబులో వేసుకుని వెళ్తుంది. ఆ కాసేపట్లో పడ్డ మెరుపు ఎవరికీ చిక్కకుండా పోతుంది.