పుట్టి పాట అసలు పేరు

ఒకే పాటను ఒకే పుస్తకంలో మూడు చోట్ల ఎక్కించి, మళ్లీ అదే పాటను "మన సంఘాల్లో వాడుకలో లేదు" అని తిప్పి పంపిన ఘనత సాంసన్ సారుది. వనపర్తిలో తెలుగు పండితుడిగా రిటైరయ్యారు. మన మూడు జిల్లాల్లోని చిన్న చిన్న క్రైస్తవ సంఘాలన్నీ కలిసి వేసుకుంటున్న పాటల పుస్తకానికి ఆయనే సంపాదకుడు.

తిప్పి పంపింది మా అమ్మ పాటను. అమ్మ పేరు ఎస్తేరు. ధరూర్ దగ్గర మా ఊళ్లోనే ఉంటుంది, ఇప్పటికీ నాట్లకూ పత్తి ఏరడానికీ పోతుంది. తొంభై ఐదులో ఆమె ఒకే ఒక్క పాట రాసింది. పుస్తకం వస్తోందని తెలిసి, ఆ పాటను తెల్లకాగితం మీద గుండ్రంగా రాసి, పైన ‘పెంటమ్మ కోసం’ అని పేరు పెట్టి, అడుగున తన పేరు వేసి పంపింది. నెల తిరగకుండానే కాగితం వెనక్కి వచ్చింది. మూలన ఎర్ర సిరాతో ఆ ఒక్క వాక్యం.

"ఊరూరా పాడుతుండ్రు గద బిడ్డా, వాడుకల లేదంటరేంది?" అంది అమ్మ ఫోనులో. ఇంకేమీ అనలేదు. అమ్మ ఏమీ అనకపోతేనే నాకు భయం.

నేను నాగర్‌కర్నూల్‌లో గ్రంథాలయంలో కాంట్రాక్టు ఉద్యోగిని. పేర్లతోనే నా బతుకు. పుస్తకం పేరు చెప్పకుండా "ఆ ఎర్ర అట్టది" అని అడిగేవాళ్లతో రోజంతా వేగుతాను. కాబట్టి ఎక్కడ తప్పు జరిగిందో నాకు వెంటనే అనుమానం వచ్చింది. ఆదివారం పొద్దున్నే బస్సెక్కి గద్వాలకు పోయాను. పుస్తకం టైపు చేస్తున్న వసీం దుకాణం అక్కడే.

"సూడున్రి మేడం, మీకు యాడ అనుమానముంటే ఆడ," అని వసీం నాలుగు వందల పేజీల ప్రూఫు నా ముందు పడేశాడు. "మేం టైపు కొట్టెటోళ్లం. సారు ఏమిస్తే అదే."

విషయసూచిక నిండా పాటల మొదటి పంక్తులు, అకారాది క్రమంలో. ముప్పై ఏడో పాట, ‘ఆవలి గట్టున వెలుగున్నది ప్రభువా’. రచయిత: తెలియదు. అది మా అమ్మ పాట పల్లవి. నూట పన్నెండో పాట, ‘ఈవలి గట్టున నేనున్నాను ప్రభువా’. రచయిత: తెలియదు. అదీ మా అమ్మదే. వనపర్తి వైపు సంఘాల్లో పల్లవిని రెండో పంక్తి నుంచి ఎత్తుకుంటారు. అలా పాడగా పాడగా వాళ్లకు అదే మొదటి పంక్తి అయిపోయింది. ఇక రెండు వందల పద్నాలుగు చూడగానే నా ఒళ్లు మండింది. మొదటి పంక్తి ఉండాల్సిన చోట ‘పుట్టి పాట’ అని ఉంది. రచన: యువజన బృందం.

పుట్టి అన్న మాట మూడో చరణంలో ఒకే ఒక్కసారి వస్తుంది. "పుట్టి తిరుగును సుడిలోన, పట్టి నడుపుము ప్రభువా" అని. కృష్ణానది దాటించే గుండ్రటి బుట్టపడవ. ఆ చరణం దగ్గర పిల్లలంతా చేతులు గిరగిరా తిప్పుతారు కాబట్టి పాటకే ఆ పేరు అతుక్కుంది. అంటే ఇక్కడ మూడు రకాల పేర్లున్నాయి. రాసిన మనిషి పెట్టిన పేరు ఒకటి. పాడటానికి నోరు తెరవగానే వచ్చే మొదటి పంక్తి ఒకటి, అది ఊరిని బట్టి మారింది. జనం ముద్దుగా పిలుచుకునే పేరు ఇంకొకటి. రెండు మొదటి పంక్తులనూ ముద్దుపేరునూ కలిపి సాంసన్ సారు మూడు పాటలనుకున్నారు. అసలు పేరుతో వచ్చినదాన్ని నాలుగో పాట అనుకుని తోసేశారు.

అక్కడి నుంచే ఆయనకు ఫోను చేశాను.

"మొదటి పంక్తి వేరైతే పాట వేరేనమ్మా. సూచిక పద్ధతి అది," అన్నారు.

"సార్, చరణాలు కలిపి చూశారా?"

"ఆరు వందల పాటలు. చరణాలన్నీ కలిపి చూస్తూ కూర్చుంటే అయ్యే పనేనా? అయినా ‘ఆవలి గట్టున’ అనే పాటకు రచయిత ఉన్నాడు. కొల్లాపూర్ దగ్గర ఒక పాస్టరు గారు."

తల గోడకు కొట్టుకోవాలనిపించింది. పాస్టరు గారి పాట కూడా ప్రూఫులో ఉంది, ముప్పై ఎనిమిదోది. మొదటి రెండు మాటలు తప్ప దానికీ దీనికీ ఏ చుట్టరికమూ లేదు. పల్లవి వేరు, చరణాలు వేరు, పాడే వరుస వేరు. మొదటి మాటలు కలిసినంత మాత్రాన ఒకే పాట కాదు, మొదటి పంక్తి మారినంత మాత్రాన రెండు పాటలు కావు. ఇదే సంగతి ఆయనకు పది నిమిషాలు చెప్పాను.

"పాత అచ్చు ఏదైనా ఉంటే తీసుకురా," అని పెట్టేశారు.

పాత అచ్చు ఎక్కడిది? అమ్మ నోటుపుస్తకం రెండు వేల తొమ్మిది వరదల్లో పోయింది. వారం రోజులు తెలిసిన ప్రతి సంఘానికీ ఫోను చేశాను. ‘పెంటమ్మ కోసం’ ఉందా అని అడిగితే అట్లాంటి పాటే లేదంటారు. పల్లవి పాడి వినిపిస్తే, "ఓ, పుట్టి పాటనా! గట్ల చెప్పరాదా మరి" అంటారు. రాసింది ఎవరంటే, "ఎవరో ఏమో, పాతది" అంటారు. ముప్పై ఏళ్లుగా పాడుతున్నారు కదా, ఒక్కరికైనా తెలుసుకోవాలని ఎందుకు లేదో! ఫోను పెట్టిన ప్రతిసారీ నాకు ఏడుపు వచ్చేది. అది దుఃఖం కాదు, ఉక్రోషం.

చివరికి వనపర్తిలో హెప్సిబా టీచరమ్మ దొరికింది. అప్పట్లో యువజన శిబిరాలు నడిపిన మనిషి. ఇనప్పెట్టె అడుగు నుంచి ఒక సైక్లోస్టైల్ కాగితం తీసింది. నీలం సిరా వెలిసిపోయి ఉంది. పైన ‘శ్రీరంగాపూర్ శిబిరం, మే 1995’. దాని కింద ‘పెంటమ్మ కోసం’. తర్వాత పల్లవి, నాలుగు చరణాలు. అడుగున ‘ఎస్తేరు’.

"స్టెన్సిల్ నేనే కోసిన," అంది హెప్సిబా టీచరమ్మ. "మీ అమ్మ చెప్తుంటే రాసిన. పైన పేరు తప్పకుండ పెట్టుమని మూడుసార్లు చెప్పింది. గానీ బోర్డు మీద రాసేటప్పుడు జాగ లేక పల్లవి ఒక్కటే రాసిన. పిల్లలు బోర్డు చూసే నేర్సుకుండ్రు."

పేరు రాలిపోయింది అక్కడే అన్నమాట. ఒక్క బోర్డు దగ్గర.

మర్నాడు అమ్మను వెంటబెట్టుకుని సాంసన్ సారు ఇంటికి పోయాను. ఆయన బల్ల మీద నాలుగు కాగితాలూ పక్కపక్కన పరిచాను. మూడు ప్రూఫులు, ఒక పాత అచ్చు. ఆయనా పండితుడే, ఒప్పుకోవాలి. పెన్సిల్ పట్టుకుని పంక్తి పంక్తీ కలిపి చూశారు. నూట పన్నెండులో నాలుగో చరణం లేదు. పుట్టి పాటలో రెండో చరణమూ మూడో చరణమూ తారుమారయ్యాయి. మిగతాదంతా ఒకటే. అన్నిటికన్నా పాతది, నిండుగా ఉన్నది శిబిరం కాగితమే.

"ఒకే పాట," అన్నారు చివరికి. నూట పన్నెండునూ రెండు వందల పద్నాలుగునూ అడ్డంగా కొట్టేశారు. ముప్పై ఏడు దగ్గర ‘తెలియదు’ కొట్టేసి ‘ఎస్తేరు’ అని రాశారు. "పొరపాటు నాదే, ఎస్తేరమ్మా. క్షమించు."

గెలిచాననుకున్నాను. తిరుగు బస్సు ఎన్నింటికో కూడా లెక్కేసుకున్నాను.

"పైన పేరు?" అంది అమ్మ.

"పైన పల్లవి మొదటి పంక్తే ఉంటుందమ్మా. ఆరు వందల పాటలకూ అంతే," అన్నారు సారు.

"సార్, రాసినవాళ్లు పేరు పెట్టకపోతే మొదటి పంక్తి వాడతారు," అన్నాను. "పెట్టిన పేరు ఉంటే అదే శీర్షిక. మొదటి పంక్తి దాని కింద వేయండి. సూచికలో మాత్రం అన్నీ ఉండనివ్వండి. ‘పుట్టి పాట’ అని వెతికేవాళ్లకు ‘చూడు, పెంటమ్మ కోసం, 37’ అని. వనపర్తి వాళ్ల పంక్తికీ అంతే. మా గ్రంథాలయంలో అట్లాగే చేస్తాం."

ఆయన కళ్లద్దాలు తీశారు. "పద్ధతి నాకూ తెలుసు కృపా. కానీ దేవుని పాటల పుస్తకంలో పేజీ మీద పెద్ద అక్షరాలతో పెంటమ్మ అని ఉంటే బాగుంటుందా? పెంట అన్న మాటే వినడానికి... జనం నవ్వుతారు. ఏదైనా గౌరవమైన పేరు చెప్పు అమ్మా, పెడదాం."

నాకు బీపీ పెరిగిపోయింది. నోరు తెరిచేలోపు అమ్మ లేచింది. ముప్పై ఏడో ప్రూఫు కాగితాన్ని ఆయన వైపు జరిపింది.

"పాట నాదేనని నువ్వే రాస్తివి గద సారూ. అయితే తీసెయ్యి. పుస్తకంల నా పాట వద్దు."

"అమ్మా!" అన్నాను. ఇన్ని రోజుల నా తిరుగుడంతా కళ్ల ముందు కదిలింది. "నీ పేరు వచ్చింది కదా, ఇంకేం కావాలి?"

"నా పేరు గావాలని నేనెప్పుడన్న అన్ననా?"

అనలేదు. గుర్తు తెచ్చుకుంటే నిజంగానే అనలేదు. కావాలని నేనే అనుకున్నాను.

సాంసన్ సారు ఇబ్బందిగా కదిలారు. పుట్టి పాట లేని పుస్తకాన్ని ఏ సంఘమూ ముట్టదని ఆయనకు తెలుసు. కాగితాన్ని మళ్లీ తన ముందుకు లాక్కున్నారు. ఆ తర్వాత ఆయన గొంతు మారింది. అందులో పండితుడు లేడు.

"ఎవరమ్మా ఈ పెంటమ్మ?"

అమ్మ మళ్లీ కూర్చుంది. "ముప్పై ఏండ్లల గీ మాట అడిగింది నువ్వొక్కనివే సారూ," అంది. "మా ఊరికి ఏరు అవతల మట్టి పనికాడ నా జోడు. నాకు నెలలు నిండినయి, నొప్పులు వచ్చినయి. ఏరు పొంగింది, పుట్టి ఏసెటోడు రానన్నడు. పెంటమ్మ తనే తెడ్డు వట్టింది. సుడిల తిరుగుతుంటే నేను మొత్తుకుంట దేవుణ్ని పిలుస్తున్న, ఆమె పలుకుతలేదు, తెడ్డు ఏస్తనే ఉంది. నన్ను గద్వాల దవాఖాన్ల ఏసి, కూలి పోతదని మల్ల అదే పుట్టిల ఎనకకు పోయింది. గట్టు చేరలే. పుట్టి దొరికింది, ఆమె దొరకలే. ఆమెకు ఎనకాముందు ఎవ్వరు లేరు సారూ. పేరు తలిసెటందుకు గీ పాటొక్కటే ఉండె."

సాంసన్ సారు ఫోను తీసి వసీంకు కలిపారు. "ముప్పై ఏడో పాట శీర్షిక మారుతుంది, రాసుకో," అని ఒక్కో అక్షరమూ విడమరిచి చెప్పారు. అవతలి నుంచి వసీం ఏదో అడిగినట్టున్నాడు. "అవును, పెద్ద అక్షరాలే," అన్నారు.

నేను గద్వాల దవాఖానాలో పుట్టానని నాకు తెలుసు. ఎలా చేరామో అమ్మను ఎప్పుడూ అడగలేదు. పేర్ల గురించి ఊరందరినీ తిట్టిపోసిన నేను కూడా, చిన్నప్పటి నుంచి ఆ పాట వచ్చినప్పుడల్లా చేతులు గిరగిరా తిప్పుతూ, దాన్ని పుట్టి పాట అనే అన్నాను.