తిర్మిస్ నడక

మా సారీగాడి భుజాల మీద పెన్సిలు చెక్కుకోవచ్చు. అంత పదునుగా గీశాను వాణ్ణి. పొడుగు మనిషి, ముదురు నీలం అంగీ, నూతిలోంచి వచ్చినట్టుండే గొంతు. రంజాన్ నెలకని మా కైరో ఆఫీసులో తయారవుతున్న ముప్ఫై భాగాల టీవీ బొమ్మల కథకి వాడే నాయకుడు. చిక్కంతా వాడి వెంట తిరిగే స్నేహితుడితోనే వచ్చింది.

ఆ స్నేహితుడి కోసం పదిహేడుగురిని గీశాను. దర్శకురాలు ఇన్షిరాహ్ మేడమ్ పదిహేడోవాడి కాగితం అందుకుని, అందులో ఉన్న సారీ, స్నేహితుడు ఇద్దరి బొమ్మలనూ నల్ల సిరాతో నింపేసింది.

"షౌకీ గారూ, ఇందులో సారీ ఎవరో చెప్పండి."

రెండు నల్ల ఆకారాలూ ఒకేలా ఉన్నాయి.

"మిమ్మల్ని స్నేహితుణ్ణి గీయమంటే వాడి తమ్ముణ్ణి తెచ్చారు. వీడు పక్కన నిలబడితే సారీ ఇంకా పొడుగవ్వాలి. ఎల్లుండికి కుదరకపోతే ఇంకొకరికి ఇస్తాను."

ఆవిడ చూపు పడితే మరుగుతున్న టీ కూడా చల్లారిపోతుంది. తల వంచుకుని బయటికి వచ్చాను. అప్పుడే బహ్గత్ మెట్లెక్కుతున్నాడు.

బహ్గత్, నేను అప్పటికి ఇరవై ఏళ్లుగా ఒకే గదిలో పని చేస్తున్నాం. బొమ్మల వెనక కనబడే వీధులు, గోడలు, మేడలు అతనే వేస్తాడు. మనిషి బేరిపండులా ఉంటాడు. ముందు పొట్ట వస్తుంది, కాసేపటికి బహ్గత్ వస్తాడు. ప్రతి మెట్టుకీ మోకాలి మీద చెయ్యేసి కొంచెం ఎగిరి కాలు మోపుతాడు. ముక్కులోంచి వచ్చే సన్నని గొంతు. మాట మధ్యలో ఊపిరి అందుకోవడానికి ఆగుతాడు.

"ఏంట్రా షౌకీ... అత్తగారు వచ్చినట్టు మొహం పెట్టావ్?"

నేను అతని మోకాలినే చూస్తున్నాను. మెట్లు లెక్కపెడుతున్నాను.

ఆ పూటే తిర్మిస్ పుట్టాడు. మా వీధుల్లో నానబెట్టి అమ్మే గుండ్రటి పసుపు గింజ పేరే పెట్టాను. కోణాల సారీ పక్కన అంతా గుండ్రం. నీలం పక్కన పసుపు. సారీ ఒక్క అంగ వేయడానికి పదహారు ఫ్రేములు పడితే, తిర్మిస్ ఎనిమిదేసి ఫ్రేముల్లో రెండు అడుగులు వేసి వాణ్ణి అందుకుంటాడు, మోకాలి మీద చెయ్యేసి, కొంచెం ఎగిరి. ఈసారి మేడమ్ సిరా పోసినా ఎవరు ఎవరో ఆకారంలోనే తెలిసిపోయింది.

గొంతు మిగిలింది. బహ్గత్‌ని నేనే మైకు దగ్గరికి తీసుకెళ్లాను.

"వాడెలాంటివాడ్రా?" అని అడిగాడు.

"తెలివైనవాడు. నీలాగే."

నిలబడ్డ బొమ్మ తప్ప వాడి నడకను అతను అప్పటికింకా చూడలేదు. సంబరంగా ఏడు భాగాలకు గొంతు ఇచ్చాడు. ఇసకరంగు వీధిలో పసుపు కలిసిపోతుందని, నేను అడక్కుండానే గోడలన్నిటికీ ఊదా నీడలు పూసి మళ్లీ వేశాడు. "నా తిర్మిస్ కనబడాలి కదరా" అన్నాడు.

ఏడు భాగాలూ ఆఫీసు వాళ్లందరికీ తెర మీద వేశాం. తిర్మిస్ మెట్లెక్కుతుంటే గది నవ్వుతో ఊగిపోయింది. రంగులు వేసే అమ్మాయిలు ముందు తెర వైపు, తర్వాత బహ్గత్ వైపు చూసి తలగుడ్డ అంచు నోటికి అడ్డం పెట్టుకున్నారు. అతనూ నవ్వాడు, అందరికన్నా ఆలస్యంగా.

మర్నాడు నా బల్ల దగ్గరికి వచ్చాడు.

"గుండ్రంగా ఉన్నాను, ఉంచు. గొంతూ... ఉంచు. ఆ మోకాలి మీద చెయ్యి ఒక్కటి తీసెయ్. అది నాకు నొప్పిరా, షౌకీ. ఆట కాదు."

తీసేయవచ్చు. ఏడు భాగాల్లో నడకను మళ్లీ గీయాలి, మూడు వారాలు పడుతుంది, మేడమ్‌ని బతిమాలుకోవాలి. కానీ నా చేతికి అంత మంచి నడక మళ్లీ చిక్కదు.

"అది తీస్తే వాడు చచ్చిపోతాడు బహ్గత్. జనానికి నచ్చేదే అది" అన్నాను.

"సరే" అన్నాడు.

ఆ రోజు నుంచి మెట్ల మీద నిటారుగా, ఒక్కో అంగకు రెండేసి మెట్లు ఎక్కడం మొదలెట్టాడు. పైకి వచ్చేసరికి పెదవులు తెల్లబడేవి.

ఎనిమిదో భాగం రికార్డింగుకు పిలిస్తే వచ్చాడు. మైకు ముందు నిలబడి, గొంతును ఛాతీ అడుక్కి తొక్కి, ఆగకుండా బరువుగా మాట్లాడాడు. సారీ మాట్లాడినట్టే ఉంది.

"బహ్గత్ గారూ, తిర్మిస్ గొంతు కావాలి" అంది మేడమ్.

"నా గొంతు ఇదేనమ్మా" అన్నాడు.

నాలుగుసార్లు అడిగింది. నాలుగుసార్లూ అదే గొంతు. చివరికి మిమిక్రీ చేసే ఒకతన్ని పిలిచి, మొదటి ఏడు భాగాలు వినిపించి మిగతావి చెప్పించారు. ఎక్కడ మారిందో ఎవరూ పట్టుకోలేదు. ఆ రంజాన్‌లో ఇఫ్తార్ పళ్లేల ముందు కూర్చుని ఊరంతా తిర్మిస్‌ని చూసి నవ్వింది. నాకు మెడలో పతకం కూడా వేశారు.

తర్వాత తొమ్మిదేళ్లు ఒకే గదిలో పని చేశాం. అలిగి మాట మానేయలేదతను. టీ చెప్పేవాడు, ఇంట్లోవాళ్లను అడిగేవాడు, నా గొప్పలన్నీ ఓపిగ్గా వినేవాడు. అన్నీ ఆ అరువు గొంతుతోనే. ఇరవై ఏళ్లు విన్న ఆ సన్నని గొంతు మళ్లీ నా చెవిన పడలేదు. ఆ ఏడు భాగాల్లో ఉంటుంది. వేసుకుని విందామని కూర్చుంటాను. మోకాలి మీద చెయ్యి పడే చోటికి వచ్చేసరికి ఆపేస్తాను.