మూత్రసంచి గోడ

పరీక్ష నెగ్గేశాననుకున్నాడు హుమాయున్. ప్రొద్దుటూరు ఆసుపత్రిలో స్కానింగ్ గది బయట బెంచీ మీద, పెళ్లిపందిట్లో పెద్దమనిషిలా కాళ్లు చాపి కూర్చున్నాడు.

జమ్మలమడుగులో పరుపులు కుట్టి బతికే మనిషి. వచ్చే నెల భార్య మాబున్నితో ఉమ్రా యాత్రకు మక్కా పోవాలి. పోయేముందు ఒకసారి చూపించుకోమని మాబున్ని పోరుపెడితే, ఏమీ లేదని డాక్టరు నోటివెంట అనిపించుకోవడానికే వచ్చాడు.

ఏమీ లేకపోవడమేం, చాలా ఉంది. ఒంటికి వెళ్లొచ్చాక కూడా చుక్క జారుతుంది. చుక్క పడితే నమాజుకు ముందు కాళ్లూ చేతులూ కడుక్కుని చేసుకున్న శుద్ధి, ఆ వజూ పోతుంది. అందుకని ఆయన సొంత పద్ధతొకటి పెట్టుకున్నాడు. కూర్చుంటాడు, లేచి నాలుగడుగులు వేస్తాడు, దగ్గుతాడు, పొత్తికడుపు నొక్కుకుంటాడు, మళ్లీ కూర్చుంటాడు. ఇవాళ కూడా నిండు సంచితో ఒకసారి స్కాన్ చేసి, ఇంకా ఎంత మిగులుతుందో చూడ్డానికి మూత్రం పోసి రమ్మంటే, ఈ తంతంతా ఆసుపత్రి బాత్రూంలో నడిపించాడు. బయట జనం తలుపు బాదుతున్నా లెక్కచేయలేదు. ఎంత చాదస్తమైతే మాత్రం, పరీక్షలో కూడానా!

డాక్టరు నందిని రిపోర్టును రెండుసార్లు తిప్పి చూసింది. అది చూసి హుమాయున్ ధైర్యం సగం కారిపోయింది.

ప్రోస్టేట్ గ్రంథి బాగా పెరిగి మూత్రం దారిని నొక్కుతోందని ఆమె చెప్పింది. ఆ అడ్డాన్ని దాటించడానికి మూత్రసంచి గట్టిగా తోయాల్సి వస్తోంది. తోసీ తోసీ, బరువులు మోసే కూలీ భుజంలా, దాని గోడ మందమైంది. రెండు కిడ్నీలు కూడా కొద్దిగా ఉబ్బాయి.

"ఎన్నాళ్ల నుంచి ఇబ్బంది పడతాండారు?" అని అడిగింది.

"నెల నుంచే, మేడం."

"గోడ ఇంత మందం కావాలంటే నెల చాలదు. కిడ్నీలు ఉబ్బినాయి, సంచిలో చూస్తే మిగిలింది కొంచెమే. నాకు లెక్క కుదరడంల్యా."

 హుమాయున్ వెంట వచ్చిన మాబున్ని గొంతు సవరించుకుంది. నోరెత్తావంటే చూడు అన్నట్టు ఆయన కళ్లెర్రజేశాడు. ముప్పయ్యేళ్ల కాపురంలో ఆ చూపుకు ఆమె ఎన్నోసార్లు తగ్గింది. ఈసారి తగ్గలేదు.

"అబద్ధం సెప్తాండాడమ్మా," అంది. బాత్రూంలో ఆయన చేసే దగ్గులూ నడకలూ, రాత్రిళ్లు లేవడాలూ, మూత్రం వస్తుందని నీళ్లు మానేయడమూ, మూడేళ్ల కథంతా డాక్టరు ముందు పరిచేసింది.

హుమాయున్‌కు సిగ్గుతో చెవులు మండాయి. నందిని మాత్రం కోప్పడలేదు. మళ్లీ నీళ్లు తాగమని, మామూలుగా రాగానే ఒక్కసారి పోసి, దగ్గకుండా నొక్కకుండా నేరుగా వచ్చి పడుకోమంది. ఆయన అలాగే చేశాడు. ఈసారి సంచిలో మూడువందల మిల్లీలీటర్లకు పైగా మిగిలిపోయింది.

"ఇదీ అసలు సంగతి," అంది నందిని. మిగిలిన మూత్రం నిలవుంటే చీము పట్టొచ్చు, రాళ్లు కట్టొచ్చు. ఆ ఒత్తిడి వెనక్కు తన్నడం వల్లే కిడ్నీలు ఉబ్బుతున్నాయి. ఈరోజే ట్యూబు వేసి, బయట ప్లాస్టిక్ సంచి తగిలించి, మూత్రసంచి ఖాళీ చేయాలి, కిడ్నీల రక్తపరీక్ష చూసుకోవాలి, తర్వాత పైన కోయకుండా మూత్రం దారిలోంచే ఆపరేషన్ చేయాలి. ఉమ్రా వాయిదా వేసుకోవాలి.

"క్యాన్సరా, మేడం?" హుమాయున్ అడిగేశాడు. ఇన్నాళ్లూ దాచింది ఆ భయాన్నే.

ఈ వయసులో గ్రంథి పెరగడం చాలామందికి మామూలేనని, పెరిగినంత మాత్రాన క్యాన్సర్ కాదని ఆమె చెప్పింది. ఈ స్కాన్ ఒక్కటి చూసి మాత్రం అటో ఇటో తేల్చలేమని, దానికి వేరే పరీక్షలు చేస్తానని అంది.

ఆ మాటతో కాస్త ఊపిరి వచ్చినా ఆయన లేచి నిలబడ్డాడు.

"ట్యూబు వద్దు. ఉచ్చసంచి తగిలించుకోని నమాజులో యాడ నిలబడేది? మందులియ్యండి, పోయొచ్చినాక చూద్దాం."

"ఇట్లే పోతే కిడ్నీలు పాడైపోవచ్చు. మళ్లీ బాగవుతాయని నేను మాటియ్యలేను," అంది నందిని.

అయినా ఆయన చెప్పుల్లో కాళ్లు దూర్చాడు. మొండితనానికి మందు ఏ డాక్టరు దగ్గరుంది? మాబున్ని లేచి తలుపుకు అడ్డంగా నిలబడింది.

"ట్యూబున్నా నమాజు చెల్లుతుంది. ఆపుకోలేని రోగముంటే ప్రతి నమాజు వేళకూ కొత్తగా వజూ చేసుకుంటే సాలంట. నీలాంటోళ్లకు ఆ సడలింపు ఉందంట."

"నీకెవరు సెప్పినారు?"

"మన మసీదు హజ్రత్‌నే అడిగిచ్చినా, ఆయన భార్యతో."

"ఎప్పుడు?"

"మూడేండ్లాయ. నువ్వు దగ్గడం మొదలుపెట్టిన కొత్తల్లోనే. సెప్తే సిగ్గుపడి నాతో మాట్లాడేది మానేస్తావని భయపడినా."

హుమాయున్ ఆమె ముఖంలోకి చూశాడు. మూడేళ్లు చీకట్లో ఒక్కడినే నిలబడ్డాననుకున్నాడు. బాత్రూం తలుపుకు అవతల ఆమె కూడా మేలుకునే ఉందన్నమాట. ఇద్దరూ ఒకే సంగతిని ఒకరికొకరు తెలియకుండా దాచుకుంటుంటే, లోపల కిడ్నీలు చెడిపోతూ వచ్చాయి. ఆయనకు ఏడుపొచ్చింది, ఆపుకోలేదు.

చెప్పులు విడిచి, వెళ్లి మంచం మీద పడుకున్నాడు.

"పెట్టండి మేడం," అన్నాడు. "ఆమెను మాత్రం బయటికి పంపొద్దండి."