మోత లేని దీపావళి

“ఏమ్మే హొన్నూరీ, పండగ చేస్తాండావా, సావు ఇంట్లో దీపం పెడతాండావా? మోత లేకుండా దీపావళి యాడన్నా ఉండాదా?”

తోడికోడలు సుంకమ్మ గడప మీద నిలబడి అడిగిన మాటకు హొన్నూరమ్మ తల ఎత్తలేదు. ఒడి నిండా జీన్స్ ప్యాంట్లు. కుట్టుబడి వాళ్ళు వదిలేసిన దారం కొసలు చిన్న కత్తెరతో కత్తిరించి మడత పెట్టడం ఆమె పని. రాయదుర్గంలో ఆ వీధిలో సగం ఇళ్ళకు అదే బతుకు. ఎనిమిదో తరగతిలో బడి మానినప్పటి నుంచి ఆమె వేళ్ళకు కత్తెర ముద్ర అట్లాగే ఉండిపోయింది.

“పిల్ల బెదురుకుంటాదిలే అక్కా,” అంది నెమ్మదిగా.

“బెదురు కాదు, నువ్వు నేర్పిన వగలు. ఒక్క బాంబుకే ఏడాది ఏడుపా?”

ఆ ఒక్క బాంబు పేల్చింది సుంకమ్మ మొగుడు కుళ్ళాయప్పే. పోయిన దీపావళికి అరుగు మీద నిద్రపోతున్న ఐదేళ్ళ ఈశ్వరి పక్కనే లక్ష్మీ బాంబు పెట్టాడు, లేచి ఉలిక్కిపడితే చూసి నవ్వుదామని. పిల్ల చెవి పొర చిట్లింది. అనంతపురం ఆస్పత్రిలో మందులు రాసిచ్చారు, పొర కొన్నాళ్ళకు అతుక్కుంది. బెదురు మాత్రం అతుక్కుపోయి ఊడిరాలేదు. ప్రెషర్ కుక్కర్ కూత వేసినా ఈశ్వరి మంచం కిందికి దూరేది. వీధి పిల్లలు “మంచం కింది ఎలక” అని పేరు పెట్టారు. ఆటకు పిలవడం మానేశారు. కుళ్ళాయప్ప కొడుకు శశికుమార్ ఆ ఆటలకు పెద్ద.

హొన్నూరమ్మకు ఇప్పుడు కావలసింది పండగ కాదు. తన బిడ్డ ఒక్క సాయంత్రమైనా తన ఈడు పిల్లల మధ్య నిలబడాలి. అందుకే వారం ముందు నుంచి ఇంటింటికీ తిరిగింది. “మా మిద్దె మీదికి రాండి. టపాకాయలుండవు. దీపాలుంటాయి, బొమ్మలాట ఉంటాది, దివిటీలు ఉంటాయి. కజ్జికాయలు పెడతా.”

“నీళ్ళ బకెట్లు కూడా పెడతావంట కదా, పెండ్లికి పెట్టినట్లు?” అని సుంకమ్మ వీధంతా వినేలా నవ్వింది.

నిజమే, పెట్టింది. ఒక బకెట్టు నిండా నీళ్ళు, ఒక గంపలో ఇసుక. పిల్లలకు ముందే చెప్పింది, నూలు బట్టలు కట్టుకుని రావాలి, జారుడు సిల్కు గౌనులొద్దు, ఆడపిల్లలు జడ బిగించాలి అని. మట్టి ప్రమిదలను పిట్టగోడ మీద, పిల్లల చేతికందని ఎత్తులో వరసగా పెట్టింది. పాత క్యాలెండర్ కాగితాలతో బుడ్డలాంటి లాంతర్లు చేసి లోపల మంట లేకుండా బ్యాటరీ బల్బులు పెట్టింది. తాళ్ళ మీద తెల్ల దుప్పటి కట్టింది, దాని వెనక టార్చిలైటు వెలుగులో అట్టబొమ్మల నీడలాట కోసం.

ఇక దివిటీలు. పుట్టింట్లో అవ్వ కంది కట్టె చివర పాత గుడ్డ చుట్టి, నూనెలో ముంచి వెలిగించి ఇచ్చేది. పిల్లలు వాకిట్లో నేలకు కొట్టి ఆర్పేవాళ్ళు. అందులో మోత లేదు, మెరుపు ఉంది. అవ్వ మాత్రం పాత పంచె గుడ్డ తప్ప వేరేది వాడేది కాదు. హొన్నూరమ్మ ఇంట్లో పాత పంచెలు యాడివి? జీన్స్ కత్తిరింపు ముక్కలు మాత్రం సంచి నిండా ఉన్నాయి. జీన్స్ అంటే నూలు కదా, అనుకుంది. అయినా మనసొప్పక ఒక ముక్క పీకి అగ్గిపుల్లతో కాల్చి చూసింది. ఈ పని వాళ్ళకు తెలిసిన పరీక్షే అది. నూలైతే కాగితంలాగా కాలి బూడిదవుతుంది, పాలిస్టరైతే కరిగి నల్లని పూసలాగా గడ్డకడుతుంది. ఆ ముక్క బూడిదైంది. ఆమెకు ధైర్యం వచ్చింది. సంచిలో మిగిలిన ముక్కలన్నీ అదే బట్ట తానువి అనుకుంది.

దీపావళి సాయంత్రం తొలి చీకటికే పిల్లలు వచ్చారు. ఈశ్వరి ఈడు పిల్ల సిమ్రాన్ అందరికంటే ముందు, నూలు చుడీదారులో. వెనక మరికొందరు. చివరికి శశికుమార్ కూడా, నోట్లో కజ్జికాయతో, “మోత లేని పండగ ఎట్లుంటాదో చూసి నవ్వి పోదామని వచ్చినా పిన్నీ” అంటూ.

“నవ్వుకో నాయనా, కూర్చొని నవ్వుకో,” అంది హొన్నూరమ్మ.

నీడలాటలో ఒక గొర్రె తోడేలును తరిమింది. పిల్లలు పడిపడి నవ్వారు. ఈశ్వరి దుప్పటి వెనక టార్చి పట్టుకుని గొర్రె గొంతుతో అరిచింది. “మళ్ళీ అరువు ఈశ్వరీ,” అని సిమ్రాన్ చప్పట్లు కొట్టింది. పిల్ల మళ్ళీ అరిచింది, ఇంకా గట్టిగా. హొన్నూరమ్మ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వీధిలో అప్పుడప్పుడు బాంబులు పేలుతూనే ఉన్నాయి, ఈశ్వరి ఒకసారి భుజాలు ముడుచుకుంది, కానీ పరుగెత్తలేదు.

తర్వాత దివిటీలు. ఒక్కొక్కరే రావాలి, కట్టె చాచి పట్టుకోవాలి, మొహానికి దూరం, కొట్టిన వెంటనే ఇసుకలో గుచ్చాలి. హొన్నూరమ్మ పక్కనే నిలబడి తానే వెలిగించింది. సిమ్రాన్ కొట్టింది. నిప్పురవ్వలు నేల మీద చిమ్మి ఆరిపోయాయి. ఈశ్వరి కూడా కొట్టింది, చెవులు మూసుకోకుండా.

శశికుమార్ వంతు వచ్చింది. వాడి దివిటీకి చుట్టిన ముక్క సాగే జీన్స్‌ది. నూలుతో పాటు పాలిస్టర్ కలిసిన గుడ్డ. అది చుట్టేటప్పుడు హొన్నూరమ్మ గమనించలేదు. మంట మీద పొగ నల్లగా లేచింది. “కొట్టు, కొట్టేసెయ్,” అంది ఆమె. వాడు వినలేదు, గొప్ప కోసం కట్టెను తలకంటే పైకెత్తి తిప్పాడు. కరిగిన గుడ్డ చుక్క మంటతో సహా జారి వాడి చేతి వెనక పడింది.

వాడి అరుపుకు వీధిలో కుక్కలు లేచాయి.

హొన్నూరమ్మ ఒక్క ఉదుటున వాడి చేతిని పట్టుకుని చెంబుతో నీళ్ళు పోయడం మొదలుపెట్టింది. ఆగకుండా, చిన్న ధారగా. నల్లని చుక్క చర్మానికి అంటుకునే ఉంది. “అది పీకొద్దు శశీ, చెయ్యి కదిలించొద్దు. ఇరవై నిమిషాలు నీళ్ళు పోయాల. పీకితే తోలు వస్తాది.” ఈశ్వరి చెవి కోసం ఆస్పత్రికి పోయినప్పుడు, పక్క మంచం మీది కాలిన పిల్ల తల్లికి నర్సమ్మ చెప్పిన మాటలవి.

అంతలో సుంకమ్మ మెట్లెక్కి పరుగెత్తుకొచ్చింది. వెనకే అత్త తిప్పమ్మ, చేతిలో పళ్ళ పేస్టు గొట్టంతో.

“నీళ్ళు పోసి బొబ్బలెక్కిస్తావా పాపీ! నా బిడ్డ చెయ్యి ఇడువు!”

“వద్దక్కా, పేస్టు పూస్తే వేడి లోపలే ఉండిపోతాది. ఇంకొంచెం నీళ్ళు—”

“నువ్వెవరే డాక్టరమ్మవు, ఎనిమిది చదివిన డాక్టరమ్మవు!” సుంకమ్మ ఆమెను మోచేత్తో నెట్టేసింది. ఆ నల్లని చుక్కను గోటితో పట్టి లాగింది. దాంతో పాటు చర్మం కూడా వచ్చింది. శశికుమార్ ఈసారి అరవలేదు, నోరు తెరిచి అట్లాగే ఊగాడు. తిప్పమ్మ పచ్చి గాయం మీద పేస్టు పులిమింది.

మెట్ల కింద జనం పోగయ్యారు. “బాంబులొద్దంటివే, ఇప్పుడు నీ గుడ్డ బాంబు చూస్తిమి గదా!” అని కుళ్ళాయప్ప కింద నుంచే అరిచాడు. నవ్వులు పేలాయి. పిల్లల తల్లులు వచ్చి తమ పిల్లలను భుజం పట్టి లాక్కుపోయారు. సిమ్రాన్ వాళ్ళమ్మ షాజాదీ హొన్నూరమ్మ మొహం వైపు కూడా చూడలేదు. అదే ఎక్కువ గుచ్చింది.

అందరూ పోయాక కుళ్ళాయప్ప వచ్చి హొన్నూరమ్మ ఇంటి గోడకు ఆనించి టపాకాయల సరం అంటించాడు. అది ఆరేదాకా ఈశ్వరి దుప్పటి కింద తల్లి పొట్టలోకి దూరి వణికింది. హొన్నూరమ్మ రెండు చేతులూ బిడ్డ చెవులకు అదిమి, తన చెవులు వదిలేసి, ఆ మోతంతా తనే విన్నది.

మరునాడు పొద్దెక్కాక శశికుమార్ చేతికి ఆస్పత్రి కట్టుతో వచ్చాడు. గాయం మీద పేస్టు పూసినందుకు డాక్టరు తిట్టాడని, ముందు నీళ్ళు పోసిన వాళ్ళెవరో మంచి పని చేసినారని అన్నాడని తిప్పమ్మ చెప్పింది. చెప్పి, “ఆ మాట బయట అనొద్దు, సుంకీ ఏడుస్తాది,” అని కూడా చెప్పింది.

వీధిలో పిల్లలు పేలకుండా మిగిలిన బాంబులు ఏరుకుంటున్నారు. ఈశ్వరి కిటికీ ఊచలు పట్టుకుని వాళ్ళనే చూస్తూ నిలబడింది. హొన్నూరమ్మ మళ్ళీ ప్యాంట్ల మధ్య కూర్చుంది. కాసేపటికి తల ఎత్తితే కిటికీ దగ్గర పిల్ల లేదు.

వాకిట్లోకి పరుగెత్తింది. నడి వీధిలో ఈశ్వరి ఒంటరిగా నిలబడి ఉంది. కొంచెం దూరంలో ఒత్తి ఉన్న బాంబు, దాని పక్కన వంగిన శశికుమార్. మిగిలిన పిల్లలు గోడలకు ఆనుకుని ఉన్నారు.

“మీయమ్మ వల్ల నా చెయ్యి కాలింది,” అంటున్నాడు వాడు. “చెవులు మూసుకోకుండా, కదలకుండా నిలబడితేనే నిన్ను ఆటకు చేర్చుకుంటాం. కదిలితే ఎలకే.”

“నిలబడతా,” అంది ఈశ్వరి.

“వద్దురా శశీ! ఒసే, పక్కకు రాయే!” హొన్నూరమ్మ అరుస్తూ గడప దిగింది. అప్పటికే వాడు అంటించి పరుగెత్తాడు.

ఈశ్వరి తల్లి వైపు తిరిగి ఒక్క మాట అంది. “రావొద్దుమ్మా, నువ్వొస్తే చేర్చుకోరు.”

బాంబు పేలింది. పొగ మెల్లగా పక్కకు పోయింది. ఈశ్వరి అట్లాగే నిలబడి ఉంది, చేతులు గౌనుకు అతుక్కుపోయి, కళ్ళు గట్టిగా మూసుకుని. పిల్ల కాళ్ళ వెంట సన్నని తడి జారి మట్టిలో ఇంకింది.

“ఉచ్చ పోసుకునిందిరోయ్!” అన్నాడు శశికుమార్. గోడల నుంచి పిల్లలంతా ముందుకొచ్చి చుట్టూ చేరారు, కడుపులు పట్టుకుని నవ్వారు. ఈశ్వరి కళ్ళు తెరిచింది. ఆ నవ్వులను ఒకటొకటిగా చూసింది. ఇంతమంది తన చుట్టూ నిలబడి చాలా కాలమైంది. మెల్లగా తనూ నవ్వడం మొదలుపెట్టింది, వాళ్ళలాగే, తన తడిసిన గౌనును వేలితో చూపిస్తూ.

హొన్నూరమ్మ చేతులు చాపింది.

“నువ్వు లోపలికి పోమ్మా,” అంది ఈశ్వరి నవ్వు ఆపకుండా. “మేం ఆడుకుంటాండాం.”